‘ముష్టి వేసినట్లు’ అన్న మాట కింద ఏముంది?

ప్రశ్న: సార్, నేను గుంటూరు జిల్లాలో ఏడాదిగా జూనియర్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. ఒక ప్రోనోటు దావాలో వాది తరఫున చీఫ్ అఫిడవిట్ తయారు చేసే పని మా సీనియర్ గారు నాకు అప్పగించారు. కక్షిదారు తన కథంతా పదకొండు పేజీలు రాసి ఇచ్చారు. దాన్ని కుదించి, నంబర్లు వేసి చూపిస్తే సీనియర్ గారు “ఇది అఫిడవిట్ కాదమ్మా, ఉత్తరం. అభిప్రాయాలూ ఏడుపులూ తీసేసి, జరిగింది జరిగిన వరుసలో రాయి” అన్నారు. తీసేస్తే ఏమీ మిగలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? దావా నకలు, ప్రోనోటు నకలు, పాసుపుస్తకం పేజీ, తిరిగి వచ్చిన నోటీసు కవరు నకలు పంపుతున్నాను. కక్షిదారు రాసిన దాంట్లో ఒక భాగం ఇది:

“ప్రతివాది మా వీధిలోవాడే. బాబాయీ బాబాయీ అంటూ నా వెంట తిరిగేవాడు. వాడి తండ్రి కూడా మాట మీద నిలబడే మనిషి కాదు, అయినా నా మంచితనం కొద్దీ పట్టించుకోలేదు. ఉగాది ముందు మా ఇంటికి వచ్చి, కూర్చుని, కూతురి పెళ్ళి ఆగిపోయేలా ఉందని ఏడ్చి, కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తే నా గుండె కరిగి, బ్యాంకులో దాచుకున్న నాలుగు లక్షలు తీసి ఇవ్వడం జరిగింది. నోటు రాయడం కూడా జరిగింది. నా మిరపకాయల డబ్బు కూడా వాడి పాలయింది. ఆ పెళ్ళికి పదిహేను లక్షలు ఖర్చు పెట్టాడట. ఎన్నిసార్లు అడిగినా మోసపూరితంగా తిప్పాడు. ఆ మధ్య దీపావళి ముందు ముష్టి వేసినట్లు ఏదో ఇచ్చి నోటు వెనక రాశాడు. మొన్న అడిగితే నీకు దిక్కున్న చోట చెప్పుకో అని అహంకారంతో అన్నాడు. నోటీసు పంపితే తీసుకోకుండా తప్పించుకున్నాడు. ఇప్పుడు సంతకమే తనది కాదంటున్నాడు. పైన దేవుడు చూస్తున్నాడు. చట్టప్రకారం వాడు కట్టి తీరాలి.”
— ఒక జూనియర్ న్యాయవాది

సమాధానం:

అమ్మా, మీ సీనియర్ గారు చెప్పినది సరైనదే. కాని ఆయన చెప్పిన క్రమంలోనే పని మొదలుపెడితే మీకు జరిగినట్లే జరుగుతుంది. అభిప్రాయాలు తీసివేయడం చివర చేసే పని. ముందే తీసేస్తే వాటిని అంటిపెట్టుకుని ఉన్న వాస్తవం కూడా వాటితోనే పోతుంది. మీరు పంపిన పేజీలో ‘ముష్టి వేసినట్లు’ అన్న మాటను ఎర్ర సిరాతో కొట్టేశారు. అది బాగానే ఉంది. కాని ఆ ఊపులో ఆ వాక్యం మొత్తం కొట్టేశారు. మీ దావాకు ప్రాణం ఆ వాక్యంలోనే ఉంది.

మీరు పంపిన ప్రోనోటు తేదీ 14.03.2022. కోరినప్పుడు చెల్లించే నోటు కాబట్టి ఆ తేదీ నుంచి మూడేళ్ళలో దావా వేయాలి. అంటే 2025 మార్చి మధ్యకు గడువు ముగిసింది. మీరు దావా వేసినది 20.08.2025న. మరి దావా ఎలా నిలుస్తుంది? నోటు వెనుక 05.11.2023 తేదీతో రూ. 30,000 ముట్టినట్లు చెల్లు రాసి, కింద ప్రతివాది సంతకం ఉంది. గడువు లోపల కొంత సొమ్ము కట్టి, కట్టినట్లు తన చేతితో రాసినా, సంతకం చేసినా, లిమిటేషన్ చట్టం 19వ సెక్షను ప్రకారం ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. మీ కక్షిదారుకు ఆ ముప్పై వేలు అవమానంగా తోచాయి, అందుకే ముష్టి అన్నారు. కోర్టుకు మాత్రం ఆ ముప్పై వేలు లేకపోతే ఈ దావాయే లేదు.

అందుకని కక్షిదారు కోపంతోనో బాధతోనో ఒక మాట వాడిన చోట కలం ఆపి, ఆ మాట ఏ సంఘటనను చూసి పుట్టిందో అడగాలి. కొన్నిసార్లు కింద ఏమీ ఉండదు. ‘నా గుండె కరిగి’ అన్నదాని కింద ఏమీ లేదు, తీసేయండి. ‘మోసపూరితంగా తిప్పాడు’ అన్నదాని కింద మాత్రం కొన్ని తేదీలు, కొన్ని సంభాషణలు ఉంటాయి.

ఇప్పుడు పని. పదకొండు పేజీలనూ పక్కన పెట్టి, ముందు కోర్టు ఖరారు చేసిన ఇష్యూలను ఒక కాగితం మీద పైన రాసుకోండి. ప్రతివాది సంతకమే కాదంటున్నాడు కాబట్టి మీ దావాలో అవి దాదాపు ఇలా ఉంటాయి: ప్రోనోటు నిజమైనదా, దానికి సొమ్ము ముట్టిందా, వెనుక ఉన్న చెల్లు నిజమైనదా, దావా గడువులో ఉందా, వాదికి ఎంత రావాలి. అఫిడవిట్‌లోకి వచ్చే ప్రతి పేరా వీటిలో ఒకదానికి ఉపయోగపడాలి. ప్రతివాది తండ్రి మాట మీద నిలబడే మనిషా కాదా అన్నది ఏ ఇష్యూకూ అందదు. కనుక అది అభిప్రాయమా వాస్తవమా అని తర్కించుకుంటూ కూర్చోనక్కరలేదు.

ఆ కింద నాలుగు గళ్ళు గీయండి. తేదీ, ఏం జరిగింది, సాక్షికి ఎలా తెలుసు, కాగితం ఏది. కక్షిదారును ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆయన రాసిన ఒక్కొక్క వాక్యం చదువుతూ ఈ గళ్ళు నింపండి. మన వాళ్ళు తేదీలను పండుగలతో, పంటలతో గుర్తుపెట్టుకుంటారు. అందులో తప్పు లేదు, పైగా అది మంచి ఆధారం. 2022 ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది, నోటు మార్చి 14 నాటిది, కాబట్టి ‘ఉగాది ముందు’ సరిపోయింది. 2023 దీపావళి నవంబరు 12న, చెల్లు నవంబరు 5న. అదీ సరిపోయింది. ఆయన జ్ఞాపకం కాగితంతో కలుస్తోందంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడే సాక్షి అని అర్థం. కాగితం లేని చోట మాత్రం మీరు తేదీ కల్పించకండి. ‘2024 వేసవిలో, తేదీ గుర్తులేదు’ అని రాయడం సిగ్గుపడవలసిన విషయం కాదు. ‘12.05.2024న’ అని ముద్దుగా రాసి, ఆ రోజు సాక్షి తిరుపతిలో ఉన్నాడని అవతలివారు రుజువు చేస్తే మిగిలిన పేరాల మీద కూడా నమ్మకం పోతుంది.

గళ్ళు నింపేటప్పుడు మన భాష చేసే మూడు గమ్మత్తుల మీద ఒక కన్ను వేయండి. ఇంగ్లీషు డ్రాఫ్టింగు పుస్తకాలలో ఇవి దొరకవు.

మొదటిది క్త్వార్థకాల గొలుసు. “వచ్చి, కూర్చుని, ఏడ్చి, పట్టుకుని, కరిగి, తీసి” అంటూ తెలుగులో ఎంత దూరమైనా పోవచ్చు. చివర ఒక్క క్రియ పడేసరికి అన్నీ ఒకే రోజు, ఒకే చోట జరిగినట్లు వినబడుతుంది. మీ కక్షిదారు వాక్యంలో ప్రతివాది వచ్చి అడగడం, తాను బ్యాంకు నుంచి డబ్బు తీయడం, ఇవ్వడం మూడూ ఒకే బండికి కట్టి ఉన్నాయి. పాసుపుస్తకం చూస్తే డబ్బు తీసినది 11.03.2022న, నోటు మూడు రోజుల తర్వాత. అంటే ప్రతివాది వచ్చి అడిగిన రోజు ఇంకా ముందు ఉండాలి. ‘వచ్చి’, ‘తీసి’ లాంటి ప్రతి మాట దగ్గరా వాక్యాన్ని కత్తిరించి “ఇది ఏ రోజు?” అని అడగండి. రోజు మారితే పేరా మారాలి. మీరు నంబర్లు వేసిన చోట్లను చూశాను. పేజీ నిండినప్పుడల్లా ఒక నంబరు పడింది. సంఘటన మారినప్పుడు పడాలి.

రెండోది ‘జరిగింది’. “ఇవ్వడం జరిగింది”, “రాయడం కూడా జరిగింది.” ఆఫీసు కాగితాలు చదివి చదివి మనందరికీ ఇది అంటుకుంది. ఎవరు ఇచ్చారు? ఎవరు రాశారు? ప్రతివాది సంతకాన్నే కాదంటున్న దావాలో ‘నోటు రాయడం జరిగింది’ అన్న వాక్యానికి విలువ సున్న. నోటు నకలులో దస్తూరీ ఒకరిది, సాక్షి సంతకాలు రెండు, ప్రతివాది సంతకం ఒకటి కనబడుతున్నాయి. ఎవరు రాశారో, ఎవరు రాయించారో, ఎవరి ఎదుట సంతకం పడిందో కర్తతో సహా రాయాలి. ‘జరిగింది’ కనబడితే చాలు, కొట్టేసి కర్తను పెట్టండి. కర్త ఎవరో కక్షిదారు చెప్పలేకపోతే ఆ విషయం మీకు ఇప్పుడే తెలియడం మేలు.

మూడోది ‘అట’. ఇది మాత్రం మనకు వరం. విన్న మాటను కన్న మాటతో కలిపేయకుండా తెలుగు తనంతట తానే గుర్తు వేసి ఇస్తుంది. “పదిహేను లక్షలు ఖర్చు పెట్టాడట” అంటే సాక్షి చూడలేదు, ఊరు అనుకున్నది విన్నాడు. చీఫ్ అఫిడవిట్ సాక్ష్యం కాబట్టి అందులో సాక్షి స్వయంగా రుజువు చేయగల విషయాలే ఉండాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డరు 3వ రూలు చెబుతుంది. మధ్యంతర దరఖాస్తుల అఫిడవిట్లలో అయితే నమ్మకాన్ని కూడా చెప్పవచ్చు, ఆ నమ్మకానికి ఆధారం ఏమిటో రాయాలి. విన్న మాటలతో, వాదనలతో అనవసరంగా నింపితే ఆ అఫిడవిట్ ఖర్చులు దాఖలు చేసినవారి మీదే పడతాయని కూడా అదే రూలులో ఉంది. పెళ్ళి ఖర్చు ఎలాగూ మీ ఇష్యూలకు అవసరం లేదు, వదిలేయండి. జూనియర్లు చేసే అసలు తప్పు ‘అట’ను ఉంచడం కాదు. భాష బాగుండాలని ‘పెట్టాడట’ను ‘పెట్టాడు’గా దిద్దుతారు. ఆ ఒక్క అక్షరంతో వినికిడి ప్రమాణపూర్వక వాస్తవం అయిపోతుంది, దానికి సంతకం పెట్టినది మీ కక్షిదారు.

అయితే విన్న మాటలన్నీ ఒకటి కావు. “నీకు దిక్కున్న చోట చెప్పుకో” అని ప్రతివాది తన నోటితో కక్షిదారుతో అన్న మాట ఉంది. అది సాక్షి చెవిన పడిన మాట, అన్నది దావాలోని ఎదుటి పక్షం. దాన్ని ఉంచండి, అన్నది అన్నట్లుగా కొటేషన్‌లో ఉంచండి. ‘అహంకారంతో’ మాత్రం తీసేయండి. ఆ మాట విన్న జడ్జిగారికి అహంకారమో కాదో తెలుసు. ‘మొన్న’ అన్నది 18.05.2025 అని మీ దావాలోనే ఉంది. అప్పుడు పక్కన ఎవరున్నారో కక్షిదారును అడగండి.

‘మోసపూరితంగా’ గురించి నా స్వానుభవం ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదట్లో నేనూ అఫిడవిట్ బరువుగా ఉండాలని ఇలాంటి మాటలు దట్టించేవాడిని. ఒకసారి ఒక పెద్దాయన బోనులో ఉండగా అవతలి న్యాయవాది ఆ పేరా చదివి, “ఇందులో మోసపూరితంగా అని ఉంది, ఏం మోసం చేశాడో చెప్పండి” అని నెమ్మదిగా అడిగారు. మా పెద్దాయన నా వైపు చూసి, “అది వకీలుగారు రాశారండీ” అన్నాడు. తర్వాతి ప్రశ్న “మిగిలిన పేరాలు కూడా ఆయనే రాశారా?” అని. ఆ రోజు నుంచి సాక్షి తన నోట పలకని మాట నా డ్రాఫ్టులో ఉండదు. మీ కక్షిదారును అడిగితే ఆ ‘తిప్పడం’ ఎన్నిసార్లో, ఏ సాకులతోనో చెబుతారు. తేదీలు గుర్తున్నవి రెండు ఉంటే ఆ రెండే రాయండి. ఏవీ గుర్తులేకపోతే దావాలో ఉన్న ఒక్కటే చాలు.

నోటీసు సంగతి చూడండి. ‘తీసుకోకుండా తప్పించుకున్నాడు’ అని కథలో ఉంది. కవరు మీద తపాలా వారు రాసినది ఇంకొకటి: ‘డోర్ లాక్డ్, ఇంటిమేషన్ ఇవ్వడమైనది’. తీసుకోవడానికి నిరాకరించడం వేరు, తలుపు తాళం వేసి ఉండడం వేరు. తప్పించుకున్నాడన్నది కక్షిదారు తీసిన నిర్ణయం. సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్లు భావించవచ్చునన్న వాదన మీకు ఎలాగూ ఉంది, దాన్ని వాదనల రోజుకు దాచుకోండి. అఫిడవిట్‌లో కవరు మీది రాతను ఉన్నదున్నట్లు ఎక్కించండి. అలాగే ‘చట్టప్రకారం కట్టి తీరాలి’ అన్నది, నోటుకు సొమ్ము ముట్టినట్లే ముందుగా భావించాలనే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షను గురించి మీరు మీ డ్రాఫ్టులో రాసిన పేరా, రెండూ వాదనలే. రైతు నోట 118వ సెక్షను వినబడితే బోనులో ఏమవుతుందో పైన చెప్పాను.

ఇక అసలు చిక్కు. వరుస పెట్టి రాయడం వల్ల కథలోని కన్నం బయటపడుతుంది. కథలో ‘బ్యాంకులో దాచుకున్న నాలుగు లక్షలు’ అని ఉంది. పాసుపుస్తకంలో 11.03.2022న తీసినది రెండు లక్షల యాభై వేలు. దానికి ముందూ వెనుకా ఆ నెలలో వేరే విత్‌డ్రాయల్ లేదు. మిగిలిన లక్షా యాభై వేలు ఎక్కడివి? రెండు వాక్యాల తర్వాత ‘నా మిరపకాయల డబ్బు కూడా వాడి పాలయింది’ అని ఉంది చూశారా? మీరు దాన్ని ఏడుపు అనుకుని కొట్టేశారు. అది మార్చి నెల, గుంటూరు మిర్చి యార్డుకు సరుకు జోరుగా వచ్చే కాలం. ఆ మిగిలిన సొమ్ము బహుశా అదే. కాని ‘బహుశా’ మీరు రాయకూడదు, నేనూ రాయకూడదు. కక్షిదారును పిలిపించి, పాసుపుస్తకం పేజీ ఆయన ముందు పెట్టి, మీ ఊహ చెప్పకుండా “మిగతాది ఎక్కడ నుంచి వచ్చింది?” అని మాత్రం అడగండి. ఆయన తనంతట తాను మిరపకాయలు అంటే ఎన్నడు అమ్మారు, ఎవరికి అమ్మారు, కమీషన్ వ్యాపారి లెక్క చీటీ ఇచ్చారా అని అడగండి. బ్యాంకు నుంచే నాలుగు లక్షలు తీశానని అఫిడవిట్‌లో ప్రమాణం చేశాక పాసుపుస్తకాన్ని అవతలివారు చేతికి ఇచ్చి చదివిస్తే, సొమ్ము ముట్టిందా అన్న ఇష్యూ అక్కడే కుంటుపడుతుంది.

రాయడానికి ముందు దావాను మరొక్కసారి తెరవండి. దావాలో లేని ముఖ్య విషయాన్ని అఫిడవిట్‌లో ఎంత చక్కగా రాసినా దాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకోదు. గడువు దాటినట్లు కనబడే దావాలో గడువు ఎలా పెరిగిందో దావాలోనే చెప్పాలి. మీ దావా నాలుగో పేరాలో చెల్లు ప్రస్తావన ఉంది, బతికాం. లేకపోయి ఉంటే చీఫ్ అఫిడవిట్ దాఖలు చేయకముందే దావా సవరణకు దరఖాస్తు వేయవలసి వచ్చేది. చీఫ్ అఫిడవిట్ దాఖలుతో విచారణ మొదలైనట్లేనని సుప్రీంకోర్టు విద్యాబాయి కేసులో చెప్పింది. విచారణ మొదలయ్యాక సవరణ తేలిక కాదు. సొమ్ము ఎక్కడి నుంచి తెచ్చారన్నది దావాలో లేకపోయినా నష్టం లేదు, అది సాక్ష్యం.

ఇవన్నీ అయ్యాక నేనైతే ఇలా రాస్తాను. ఖాళీలు కక్షిదారు చెబితేనే నింపాలి.

1. ఈ దావాలో వాదిని నేను. వ్యవసాయం చేస్తాను. ప్రతివాది మా గ్రామస్థులు, మా వీధిలోనే ఉంటారు.

2. 2022 మార్చి ___ తేదీన ప్రతివాది మా ఇంటికి వచ్చి, తమ కుమార్తె పెళ్ళి ఖర్చులకు రూ. 4,00,000 (నాలుగు లక్షల రూపాయలు) అప్పు కావాలని నన్ను అడిగారు.

3. 11.03.2022న నేను నా బ్యాంకు ఖాతా నుంచి రూ. 2,50,000 (రెండు లక్షల యాభై వేల రూపాయలు) నగదు తీసుకున్నాను. ఆ పాసుపుస్తకం పత్రాల జాబితాలో 3వ పత్రం.

4. 2022 మార్చి ___ తేదీన నేను గుంటూరు మిర్చి యార్డులో మిరపకాయలు అమ్మగా రూ. ___ వచ్చాయి.

5. 14.03.2022న మా ఇంట్లో, పై రెండు మొత్తాల నుంచి రూ. 4,00,000 (నాలుగు లక్షల రూపాయలు) నగదు నేను ప్రతివాదికి ఇచ్చాను.

6. అదే రోజు, అదే చోట ప్రతివాది ప్రోనోటు రాయించి, రెవెన్యూ స్టాంపు మీద నా ఎదుట సంతకం చేసి నాకు ఇచ్చారు. నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ అని అందులో ఉంది. దస్తూరీ, ఇద్దరు సాక్షులు సంతకాలు చేయడం నేను చూశాను. ఆ ప్రోనోటు జాబితాలో 1వ పత్రం.

7. 05.11.2023న ప్రతివాది మా ఇంటికి వచ్చి నాకు రూ. 30,000 (ముప్పై వేల రూపాయలు) ఇచ్చారు. ఆ మేరకు ప్రోనోటు వెనుక చెల్లు తన చేతితో రాసి, నా ఎదుట సంతకం చేశారు.

8. 18.05.2025న నేను ప్రతివాది ఇంటికి వెళ్ళి మిగిలిన సొమ్ము అడిగాను. “నీకు దిక్కున్న చోట చెప్పుకో” అని ప్రతివాది నాతో అన్నారు. అప్పుడు అక్కడ ___ ఉన్నారు.

9. 02.06.2025న నా న్యాయవాది ద్వారా ప్రతివాదికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించాను. ‘డోర్ లాక్డ్, ఇంటిమేషన్ ఇవ్వడమైనది’ అన్న రాతతో కవరు తిరిగి వచ్చింది. ఆ కవరు జాబితాలో 2వ పత్రం.

10. 05.11.2023 తర్వాత ప్రతివాది నాకు ఏమీ చెల్లించలేదు.

అఫిడవిట్‌లో మొదటి నుంచి చివరి వరకూ ప్రతివాదిని ‘ప్రతివాది’ అనే రాయాలి. ఒకచోట వాడు, ఒకచోట అతను, ఒకచోట ఆ పెద్దమనిషి అంటే కోపం బయటపడడం అటుంచి, ఎవరిని గురించి చెబుతున్నారో తికమక పుడుతుంది. ఆరో పేరాను మూడు ముక్కలు చేయమని ఎవరైనా అంటే వినకండి. రాయించడం, సంతకం, సాక్షులు ఒకే చోట, ఒకే సమయంలో జరిగిన ఒకే సంఘటన, విడగొడితే మధ్యలో ఏదో జరిగినట్లుంటుంది. సొమ్ము ఇవ్వడాన్ని మాత్రం వేరే పేరాగా పెట్టాను, ఎందుకంటే ప్రతివాది రెండింటినీ వేరువేరుగా కాదంటున్నాడు. నాలుగో పేరా తేదీ మార్చి 11 కన్నా ముందుది అని తేలితే అది మూడో పేరాకు పైకి వెళ్ళాలి. పత్రాలను జాబితా నంబరుతోనే చూపాను. ఎగ్జిబిట్ ఏ1, ఏ2 అన్న గుర్తులు వేయవలసినది కోర్టు.

సంతకం తనది కాదని ప్రతివాది ఇప్పుడు అనడం గురించి పేరా లేదేమని మీరు అడగవచ్చు. అది ఆయన జవాబు దావాలో ఉంది, కోర్టు ముందే ఉంది. దానికి మీ సాక్షి ఇచ్చే సమాధానం ఆరో పేరా, ఏడో పేరా. ‘ప్రతివాది అబద్ధమాడుతున్నాడు’ అన్న వాక్యం వాటికి ఏమీ కలపదు. దస్తూరీ రాసిన ఆయన్నీ, సాక్షులలో కనీసం ఒకరినీ తర్వాత పిలిపించుకోండి. బలం అక్కడ ఉంది.

వాణిజ్య వివాదాలలో అఫిడవిట్ ఎలా ఉండాలో 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం 19వ ఆర్డరులో 6వ రూలుగా చేర్చింది. తేదీల వరుసలో ఉండాలి, ఒక పేరాలో ఒక విషయమే ఉండాలి, ఏది స్వయంగా తెలుసో ఏది విన్నదో చెప్పాలి అని. ఊళ్ళో చేబదులు దావాకు అది నేరుగా వర్తించదు. కాని ఒకసారి చదివి ఉంచుకోండి, మీ సీనియర్ గారు చెప్పినదే అక్కడ రూలుగా ఉంది.

ఇదే పద్ధతిని కుటుంబ కోర్టుకు మక్కికి మక్కి తీసుకువెళ్ళకండి. మానసిక క్రూరత్వం మీద వేసిన విడాకుల పిటిషన్‌లో బాధే వాస్తవం. అప్పుడు కూడా ‘తీవ్ర మనోవేదనకు గురయ్యాను’ అని ఆపేయకుండా, ఏ నెలలో ఏం జరిగాక నిద్ర పోయింది, ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళారు అన్నది రాస్తారు. ప్రోనోటు దావాలో మాత్రం అప్పు ఇచ్చినవాడి గుండెతో కోర్టుకు పని లేదు.

డ్రాఫ్టు పూర్తయ్యాక కక్షిదారుకు తెలుగులో, గట్టిగా, ఒక్కొక్క పేరా చదివి వినిపించండి. దాఖలు చేసేది ఇంగ్లీషులో అయితే ఇది మరీ ముఖ్యం. తలూపుతున్నారా అన్నది చూడకండి, “ఇది మీకు ఎలా తెలుసు?” అని ప్రతి పేరాకూ అడగండి. ఆ జవాబుల నుంచే చివరి ధ్రువీకరణ తయారవుతుంది. ఏ పేరాలు స్వయంగా తెలిసినవి, ఏవి కాగితాల నుంచి తెలిసినవి అని విడివిడిగా రాయాలి. ఇక్కడ తొమ్మిదో పేరాలో తపాలా రాత కాగితం నుంచి తెలిసినది, మిగిలినవి స్వయంగా తెలిసినవి. ‘అన్నీ నాకు తెలిసినంతవరకు, నమ్మినంతవరకు నిజం’ అన్న గంపగుత్త ధ్రువీకరణ వద్దు. 1952లోనే పురుషోత్తం జోగ్ నాయక్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది.

వినిపించేటప్పుడు ఆయన తప్పకుండా అడుగుతారు, “నేను అంత బాధపడ్డానని ఒక్క ముక్క కూడా లేదేమిటమ్మా?” అని. ఏడో పేరా మళ్ళీ చదివి, ఆ ముప్పై వేల రాతే దావాను నిలబెట్టిందని చెప్పండి. సాధారణంగా అక్కడితో ఊరుకుంటారు. అప్పుడే మిరపకాయల చీటీ సంగతి ఎత్తండి. అది దొరికితే, దావాతో పాటు దాఖలు చేయని పత్రం కాబట్టి 7వ ఆర్డరు 14(3) రూలు కింద అనుమతి కోరుతూ దరఖాస్తు కూడా ఈ అఫిడవిట్‌తో పాటే వేయండి. దొరకకపోతే, ఆయనకు అమ్మకం గట్టిగా గుర్తుంటే నాలుగో పేరాను చీటీ లేకుండానే ఉంచండి, మొత్తం గుర్తులేకపోతే ‘వచ్చిన సొమ్ములో రూ. 1,50,000’ అని మాత్రమే రాయండి.